మెషిన్ ఎక్కేముందు ఒక్కసారి ఇది చదవండి

మన జిమ్‌లో మెషిన్ల మీద కంపెనీ అంటించిన ఇంగ్లిష్ స్టిక్కర్లు సగం చెరిగిపోయాయి, మిగతా సగం ఎవరూ చదవట్లేదు. అందుకే తెలుగులో రాసి పెట్టాం. ఎక్సర్‌సైజుల పేర్లు మాత్రం రోజూ పిలుచుకునేవే ఉంచాం.

అన్ని మెషిన్లకూ

ఎంత బరువు కావాలో ఆ ప్లేటు దగ్గర పెట్టే పిన్నుని చివరిదాకా, అవతలి వైపు తగిలేదాకా గుచ్చండి. సగం గుచ్చి లాగితే మధ్యలో జారి ప్లేట్లన్నీ ధబీమని పడతాయి. పిన్ను కనబడకపోతే మేకో స్క్రూడ్రైవరో పెట్టకండి, ట్రైనర్‌ని అడగండి. ప్లేట్లు కదులుతున్నప్పుడు వాటి మధ్యకు వేళ్లు పోనివ్వకండి. కేబుల్ తీగలు పోగులు లేచి కనిపిస్తే ఆ మెషిన్ ముట్టుకోకుండా మాకు చెప్పండి.

బరువు ఎత్తడం ఎంత ముఖ్యమో దించడం కూడా అంతే, నెమ్మదిగా దించండి. ఎత్తేటప్పుడు ఊపిరి వదలండి, దించేటప్పుడు తీసుకోండి. ఊపిరి బిగబట్టి ఎత్తితే బీపీ ఒక్కసారిగా పెరుగుతుంది, ముందే బీపీ ఉన్నవాళ్లకు అది మరీ ప్రమాదం. లెగ్ ఎక్స్‌టెన్షన్ ప్లేట్ల మీద ఉన్న అంకెలు కిలోలు కావు, పౌండ్లు (100 అంటే సుమారు 45 కిలోలు), కాబట్టి పక్క మెషిన్‌తో పోల్చుకుని పొంగిపోవద్దు.

లాట్ పుల్‌డౌన్

తొడల మీద ప్యాడ్ బిగుతుగా ఆనేలా ముందు సర్దుకోండి. రాడ్ భుజాల కంటే కాస్త వెడల్పుగా పట్టుకుని ఛాతీ పైభాగం దాకా లాగండి. రాడ్‌ని మెడ వెనకవైపుకి లాగొద్దు, భుజం కీలు మీద అనవసరమైన ఒత్తిడి పడుతుంది. ఒళ్లంతా వెనక్కి ఊపితే తప్ప రావట్లేదంటే వెయిట్ ఎక్కువైందన్నమాట, రెండు ప్లేట్లు తగ్గించండి. సెట్టు అయ్యాక రాడ్‌ని గాల్లో వదిలేయకండి, లేచి నిలబడి పైదాకా పట్టుకెళ్లి వదలండి.

లెగ్ ప్రెస్

ఎక్కువ దెబ్బలు తగిలేది ఇక్కడే, కాస్త ఓపిగ్గా చదవండి. పాదాలు భుజాలంత ఎడంగా, మడమలతో సహా పూర్తిగా ప్లేటు మీద ఆనాలి. ముందు కాళ్లతో కొద్దిగా తోసి, బరువు కాళ్ల మీదకు వచ్చిందని తెలిశాకే పక్కనున్న సేఫ్టీ హ్యాండిల్స్ తిప్పండి. మోకాళ్లు ఛాతీ వైపు వస్తుంటే నడుము కింది భాగం సీటు మీంచి లేస్తుంది, సరిగ్గా ఆ క్షణానికి ముందే ఆగాలి, ఎందుకంటే నడుము లేచాక ఆ బరువంతా వెన్ను మీదే పడుతుంది. పైకి తోసినప్పుడు మోకాళ్లు పూర్తిగా బిగించి లాక్ చేయొద్దు, చిన్న వంపు ఉంచండి. హ్యాండిల్స్ తిరిగి లాక్ అయ్యాకే కాళ్లు తీయండి. వీడియో కోసం ఉన్న ప్లేట్లన్నీ ఎక్కించి నాలుగు అంగుళాలు కదిలించే పోటీలు ఇక్కడ వద్దు.

లెగ్ ఎక్స్‌టెన్షన్

మోకాలు సరిగ్గా మెషిన్ తిరిగే కీలు ఎదురుగా ఉండాలి, సీటు దానికి తగ్గట్టు జరపండి. కాళ్లతో తన్నొద్దు, చాచండి.

బెంచ్ ప్రెస్

ఖాళీ రాడ్డే 20 కిలోలు, అది కూడా లెక్కలో వేసుకోండి. బొటనవేలు రాడ్ చుట్టూ తిప్పి పట్టుకోవాలి, లేదంటే చేతిలోంచి జారి ఛాతీ మీద పడుతుంది. పక్కన ఒక మనిషి లేకుండా బరువెక్కువ పెట్టకండి. అడగడానికి మొహమాటమెందుకు, ఎవరైనా వస్తారు. ప్లేట్లు తీసేటప్పుడు ఒక వైపంతా ఖాళీ చేస్తే రెండో వైపు రాడ్‌ని లేపేసి పక్కవాళ్ల మీద పడేస్తుంది, అటొకటి ఇటొకటి తీయండి.

ట్రెడ్‌మిల్

బెల్టు మీద కాదు, రెండు పక్కలున్న అంచుల మీద నిలబడి స్టార్ట్ చేయండి. ఎర్ర క్లిప్పు టీషర్ట్‌కి పెట్టుకోండి, పడిపోతే బెల్టు ఆపేది అదే. తిరుగుతున్న బెల్టు మీంచి దూకకండి, పరిగెత్తుతూ వెనక్కి తిరిగి మాట్లాడకండి. చున్నీ, తువ్వాలు, షూ లేసులు వేలాడకూడదు. చివర్లో ఒక్కసారిగా ఆగితే కళ్లు తిరగొచ్చు, మూడు నుంచి ఐదు నిమిషాలు మెల్లగా నడిచి దిగండి.

రూల్స్

షూ లేకుండా ఫ్లోర్ మీదకు రావద్దు, చెప్పులతో అసలే వద్దు. చెమట తుడవడానికి తువ్వాలు తెచ్చుకోండి, దిగాక సీటు తుడవండి. వాడిన డంబెల్స్, ప్లేట్లు తీసిన చోటే పెట్టాలి. మెషిన్ మీద కూర్చుని ఫోన్ చూసుకోవడం కుదరదు, సెట్టుకీ సెట్టుకీ మధ్య ఎవరైనా అడిగితే వాళ్లకు అవకాశం ఇవ్వండి. పదహారేళ్ల లోపువాళ్లు ట్రైనర్ పక్కన ఉంటేనే మెషిన్లు ముట్టుకోవాలి.

ఛాతీలో నొప్పి, ఊపిరాడకపోవడం, కళ్లు తిరగడం, ఏదైనా కీలులో సూది గుచ్చినట్టు నొప్పి వస్తే ఆ సెట్టు అక్కడే ఆపండి, ‘ఇంకొక్కటి’ అనుకోవద్దు. వెంటనే ట్రైనర్‌ని పిలవండి. ఫస్ట్ ఎయిడ్ పెట్టె కౌంటర్ వెనకాల గోడకి ఉంది, దానికి తాళం వేయం.