సార్వా గోడౌన్ జాబితా – 2025 జూన్ 8, ఆదివారం

పొలం 12 ఎకరాలు, రావులపాలెం మండలం. పొద్దున్న తమ్ముడూ నేనూ సరుకంతా దింపి, లెక్కపెట్టి, ప్రతి సంచి మీదా నంబరు చదివి రాశాం. ఇకనుంచి ఏది తీసినా తేదీ, ఎంత తీశారు, ఏ చేనుకు అన్నది వెనక పేజీల్లో రాయాలి. బాబాయికి అక్షరాలు ఆనకపోతే నంబరు ఫొటో తీసి నాకు పంపినా సరే.

విత్తనాలు (ఇంట్లో పడమటి గదిలో)

ఎంటీయూ 7029 స్వర్ణ, 25 కిలోల బస్తాలు 8. మెరక చేను 8 ఎకరాలకు.
లాట్ 24-417: 6 బస్తాలు. లాట్ 24-422: 2 బస్తాలు.
రెండింటికీ పరీక్ష తేదీ 2025 ఫిబ్రవరి 20, గడువు నవంబరు 19.

ఎంటీయూ 1064 అమర, 25 కిలోల బస్తాలు 4. పల్లపు చేను 4 ఎకరాలకు.
లాట్ 24-093, గడువు 2025 నవంబరు 4.

జూన్ 4న తడి గోనెలో వంద గింజలు చొప్పున కట్టి చూశాం. 417లో 91, 422లో 86, అమరలో 89 మొలిచాయి. 80 దాటాలి కాబట్టి పర్వాలేదు. అయినా 422ని వేరే మడిలోనే చల్లాలి, కలపొద్దు.

ఇంత పట్టుగా ఎందుకు చెబుతున్నానంటే, పోయిన సార్వాలో చేను ఈనాక చూస్తే నిండా కేళీలే. కొన్న షాపుకు వెళ్తే, మా దగ్గర కొన్నదేనని ఏంటి రుజువు అన్నారు. బిల్లులో లాట్ నంబరు లేదు, నీలం ట్యాగులు అప్పటికే పొయ్యిలో వేసేశాం. నోరు మూసుకుని వచ్చాం. ఈసారి 12 ట్యాగులూ బిల్లుతో కలిపి ఈ పుస్తకానికి పిన్ను చేశాను. పంట ఇంటికొచ్చేదాకా ఎవరూ తీయొద్దు.

విత్తనం గదిలో ఎరువు గానీ మందు గానీ పెట్టొద్దు.

ఎరువులు (గోడౌన్, తూర్పు వైపు)

యూరియా 45 కిలోలవి 16 బస్తాలు. బ్యాచ్ 0425-31: 14. పాత దాళ్వా సరుకు, బ్యాచ్ 1124-07: 2.
డీఏపీ 50 కిలోలవి 12, బ్యాచ్ 0325-118.
పొటాష్ 50 కిలోలవి 6, బ్యాచ్ 0225-54.
జింకు సల్ఫేటు 10 కిలోలవి 8, బ్యాచ్ 25-212. పల్లపు చేనుకే.

పాత యూరియా బస్తా ఒకటి గోడకు ఆనుకుని ఉండిపోయింది. ఎత్తితే అడుగంతా రాయిలా గడ్డకట్టింది, గోనె తీసేసరికి గోడ మీద చెమ్మ చారలు. చితక్కొట్టి, తూచి మొదట దాన్నే వాడాలి, సత్తువ ఎక్కడికీ పోదు. మిగతావన్నీ చెక్క బల్లల మీదకి ఎక్కించి, గోడకు అడుగు దూరం వదిలాం. మూతి విప్పిన బస్తాను రాత్రికి అలా వదిలేయొద్దు, మన గాలికి తెల్లారేసరికి నీరు పట్టేస్తుంది. డీఏపీని, జింకును కలిపి చల్లొద్దు, పక్కపక్కన కూడా పెట్టొద్దు.

మందులు (తాళం వేసిన ఇనప బీరువా)

కార్బెండజిమ్ 50 పొడి, 100 గ్రాములవి 4. బ్యాచ్ సీ-2411, గడువు 2026 అక్టోబరు. లీటరు నీళ్లకు 1 గ్రాము, కిలో విత్తనానికి ఒక లీటరు. మొత్తం 300 కిలోలకు మూడు ప్యాకెట్లు పోతాయి, ఒకటి మిగలాలి. మందు పట్టించిన గింజ కోళ్ల దగ్గరికి చేరకూడదు.
ప్రెటిలాక్లోర్ 50 ఈసీ, అర లీటరువి 12. బ్యాచ్ పీ-0325, గడువు 2027 ఫిబ్రవరి. నాటిన 3 నుంచి 5 రోజుల్లో, పొడి ఇసుకలో కలిపి, ఎకరాకు ఒకటి.
క్లోరాంట్రానిలిప్రోల్ 0.4 గుళికలు, 4 కిలోలవి 3. బ్యాచ్ కే-118, గడువు 2026 డిసెంబరు.
ట్రైసైక్లజోల్ 75, అగ్గితెగులుకు, 120 గ్రాములవి 4. బ్యాచ్ టీ-707, గడువు 2026 ఆగస్టు.
హెక్సాకోనజోల్ 5 ఈసీ, పాముపొడకు, లీటరువి 2. బ్యాచ్ హెచ్-52, గడువు 2026 నవంబరు.
పైమెట్రోజిన్ 50, దోమకు, 120 గ్రాములవి 6. బ్యాచ్ ఎం-330, గడువు 2027 జనవరి.

గడువు దాటింది: ఎసిఫేట్ 75, అర కిలోవి 2, బ్యాచ్ ఏ-219, 2025 మార్చితో అయిపోయింది. ఎర్ర ఇంకుతో గీత కొట్టి విడిగా పెట్టాను. వాడొద్దు, ఎవరికీ ఇవ్వొద్దు. కాలవలో పారేయడం అసలే వద్దు, కింద ఊళ్లు ఆ నీళ్లే తాగుతాయి, చేపల చెరువులూ దాంతోనే నిండుతాయి. కొన్న చోటే అడిగి అప్పగిస్తాను.

పొడులు పై అరలో, సీసాలు కింది అరలో. కారినా పొడుల మీద పడదు. అన్నీ వాటి డబ్బాల్లోనే ఉండాలి. పోయిన దాళ్వాలో మిగిలిన కలుపుమందు కూల్‌డ్రింక్ సీసాలో పోసి కిటికీలో పెట్టారు, చిన్నది చేయి చాపింది. అమ్మ చూసి లాక్కుంది కాబట్టి సరిపోయింది. ఆ సీసా రంగు ఇప్పటికీ నా కళ్లలోనే ఉంది. ఖాళీ డబ్బాలు మూడుసార్లు కడిగి, ఆ నీళ్లు పిచికారీ ట్యాంకులోనే పోసి, డబ్బాకు చిల్లు పెట్టాలి. ఒంట్లోకి వెళ్తే 108కి ఫోన్ చేయండి, డబ్బా కూడా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

తాళం ఒకటి నా దగ్గర, ఒకటి అమ్మ దగ్గర.

ధవళేశ్వరంలో మొదటి హెచ్చరిక, అంటే 11.75 అడుగులు దాటితే, ముందు మందుల బీరువా ఖాళీ చేసి అటక మీదకి, తర్వాత విత్తనం ఏదైనా మిగిలితే అది, ఆఖరున యూరియా. రెండో హెచ్చరిక 13.75 దాకా ఆగొద్దు, బస్తాలు మోయడానికి ఆ టైముకి మనిషి దొరకడు.

మళ్లీ లెక్క జూన్ 22, ఆదివారం.