కాలం–దూరం, కాలం–పని: అభ్యాస పత్రం 7

కానిస్టేబుల్, గ్రూప్-2 అభ్యర్థులకు. 5 ప్రశ్నలు, 10 నిమిషాలు. ముందుగా ఈ వివరణ చదివి, తర్వాత ప్రశ్నలకు వెళ్లండి.

గంటకు కిలోమీటర్లలో ఉన్న వేగాన్ని 5/18తో గుణిస్తే సెకనుకు మీటర్లలోకి మారుతుంది. ఈ సూత్రానికి మినహాయింపు లేదు. రైలు స్తంభాన్ని దాటితే దాని పొడవు మాత్రమే దూరమవుతుంది. ప్లాట్‌ఫాంను దాటితే రెండు పొడవులనూ కూడాలి.

సగటు వేగానికి 2xy/(x+y) అనే సూత్రం రెండు వేగాలతో వెళ్లిన దూరాలు సమానమైనప్పుడే చెల్లుతుంది. వెళ్లేటప్పుడు 60, అదే దారిలో వచ్చేటప్పుడు 40 అయితే సగటు 48. అదే రెండు వేగాలతో సమాన కాలం ప్రయాణిస్తే సగటు 50. ప్రశ్నలో సమానంగా ఉన్నది దూరమా, కాలమా, లేక రెండూ కాదా అని చూడకుండా సూత్రం వాడవద్దు; రెండూ కాకపోతే మొత్తం దూరాన్ని మొత్తం కాలంతో భాగించడమే సరైన దారి.

పని లెక్కల్లో క.సా.గు. పద్ధతిని నేను అన్నిటికన్నా ఎక్కువగా నమ్ముతాను. ఒకరు 12 రోజుల్లో, మరొకరు 18 రోజుల్లో చేసే పనిని 36 యూనిట్లుగా తీసుకుంటే వారు రోజుకు 3, 2 యూనిట్లు చేస్తారు; కలిసి చేస్తే 36/5, అంటే 7.2 రోజులు పడుతుంది. ab/(a+b) సూత్రమూ ఇదే జవాబిస్తుంది గానీ, మధ్యలో ఒకరు మానేస్తే అది పనికిరాదు.

రోజు విడిచి రోజు చేసే లెక్కలో చాలామంది 7.2ను రెట్టింపు చేసి 14.4 అని గుర్తిస్తారు. అది తప్పు. రెండు రోజులకు 5 యూనిట్ల చొప్పున 14 రోజుల్లో 35 యూనిట్లు పూర్తవుతాయి. మిగిలిన ఒక్క యూనిట్‌ను మొదటివారు మొదలుపెట్టి ఉంటే 1/3 రోజులో, రెండోవారు మొదలుపెట్టి ఉంటే 1/2 రోజులో ముగిస్తారు. జంట రోజుల పని మొత్తం పనిని నిశ్శేషంగా భాగించినప్పుడే రెట్టింపు పద్ధతి నిలుస్తుంది.

ప్రశ్నలు

1. 180 మీటర్ల రైలు గంటకు 72 కి.మీ. వేగంతో 420 మీటర్ల ప్లాట్‌ఫాంను ఎన్ని సెకన్లలో దాటుతుంది?

2. ఒక బస్సు 120 కి.మీ. దూరాన్ని గంటకు 60 కి.మీ. వేగంతో, తర్వాతి 80 కి.మీ. దూరాన్ని గంటకు 40 కి.మీ. వేగంతో వెళ్లింది. సగటు వేగమెంత?

3. ఒక పనిని అ 9 రోజుల్లో, ఆ 12 రోజుల్లో చేస్తారు. ఆ ముందుగా మొదలుపెట్టి, ఇద్దరూ రోజు విడిచి రోజు చేస్తే ఎన్ని రోజులు పడుతుంది?

4. ఖాళీ తొట్టిని కుళాయి 6 గంటల్లో నింపుతుంది. తొట్టి సగం ఎత్తులో ఉన్న రంధ్రం, నీరు దానికి పైన ఉన్నప్పుడు, గంటకు తొట్టిలో 1/8 వంతును స్థిరంగా పోగొడుతుంది. తొట్టి ఎప్పటికి నిండుతుంది?

5. 15 మంది రోజుకు 8 గంటల చొప్పున 20 రోజుల్లో చేసే పనిని 12 మంది రోజుకు 10 గంటల చొప్పున ఎన్ని రోజుల్లో చేస్తారు? అందరి సామర్థ్యం సమానమని తీసుకోండి.

జవాబులు

1) 30 సెకన్లు. 2) గంటకు 50 కి.మీ.; 48 అని వచ్చినవారు సగటు వేగం పేరా మళ్లీ చదవాలి. 3) 10 1/3 రోజులు. 4) 15 గంటలు: కింది సగానికి 3, పై సగానికి 12. రంధ్రం మొదటి నుంచీ పనిచేస్తుందనుకుంటే 24 అని తప్పుగా వస్తుంది. 5) 20 రోజులు.