తమ్ముడి రెండు వారాల బెజవాడ మకాం

తమ్ముడూ, మొగల్రాజపురంలో మన మేడమీద గది నీకే. రౌటర్ ఇన్వర్టర్‌కి కలిపించాను, కరెంటు పోయినా మీటింగ్ తెగదు. సోమ నుంచి శుక్ర దాకా, పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరింటి వరకు నిన్నెవరం పిలవం. చుట్టాల ఇళ్లలో భోజనాలు రాత్రిళ్లకే ఒప్పుకున్నాను.

మొదటి శనివారం ఎండెక్కకముందే ఉండవల్లి గుహలు. నాలుగంతస్తులూ చూద్దువుగాని, శయనించిన అనంతపద్మనాభస్వామి దగ్గర మాత్రం తొందరపడకు. కళ్లు చీకటికి అలవాటుపడ్డాకే పాదాల నుంచి శిరసు దాకా నిండుగా కనిపిస్తాడు. ఆదివారం విశ్రాంతి, సాయంత్రం ప్రకాశం బ్యారేజీ.

రెండో శనివారం కొండపల్లి. ఖిల్లా చూశాక బొమ్మల కాలనీకి వెళ్దాం. తెల్లపొణికి చెక్కను చెక్కి, చింతగింజల పిండి మక్కుతో అతికించడం నువ్వు తప్పకుండా చూడాలి. ఆదివారం అమరావతి. లాప్‌టాప్ ఇంట్లోనే ఉండనీ. టికెట్లు తీసేముందు మీ మేనేజర్‌తో ఈ వేళలు ఖాయం చేసుకో.