మిరపకాయల గది

తాళం తుప్పు పట్టి తెరుచుకోలేదు. శీను పక్కింట్లో సుత్తి అడిగి తెచ్చి గొళ్లెమే ఊడగొట్టాడు. అంతలో ఫోన్ మోగితే, "సాయంత్రానికల్లా కొలతలు పంపిస్తానండీ" అంటూ వీధిలోకి నడిచాడు. పాత గుంటూరులోని ఆ సందులో ఇప్పుడన్నీ మేడలే. పెంకుటిల్లు ఇదొక్కటే మిగిలింది.

జాను చేతిలో టేపు, నోటుబుక్కు ఉన్నాయి. గదుల పేర్లు రాసిపెట్టమని నాన్న పురమాయించాడు.

"నాయనమ్మా, ఇది సిటౌటా?"

"అరుగే. ఎండాకాలం మగవాళ్లందరి పక్కలూ ఇక్కడే. యార్డుకి మిరపకాయల బళ్లు తోలుకొచ్చే రైతులు ఎద్దుల్ని విప్పి కాసేపు నడుం వాల్చేవాళ్లు. మా అత్తగారు ఎవరు, ఏమిటని అడక్కుండా చెంబుడు మజ్జిగ పోయించేది. కోడళ్లకైతే లెక్క చూసి పోసేదనుకో."

జాను 'అరుగు' అని రాసుకుంది. లోపల సావిడి. తాతయ్య చిట్టా పుస్తకాలు ముందేసుకుని కూర్చునేవాడట. అక్కడ నాయనమ్మ ఆగలేదు. ఆ గదిలో ఆవిడకి పనేమీ ఉండేది కాదు.

మండువాలోకి రాగానే జాను తలెత్తింది. నడినెత్తిన చతురస్రంగా ఆకాశం. కింద పిచ్చిమొక్కలు మోకాలెత్తు పెరిగాయి.

"పైకప్పు పడిపోయిందా?"

"అసలుంటేగా పడిపోడానికి! వాన ఇంట్లోనే కురిసేది. గంగాళాలు పెట్టి పట్టుకునేవాళ్లం. వడియాలు, అప్పడాలు ఇక్కడే ఎండేవి. నా తలా ఇక్కడే ఎండేది."

"దీన్ని హాల్ అని రాయనా?"

"నీ ఇష్టం. ఉప్పెనప్పుడు మాత్రం దీని చుట్టూ కాలు పెట్టే సందు లేదు. నా పెళ్లయిన మరుసటేడు, 1977 నవంబరు. రేపల్లె నుంచి మా పెదమామగారి వాళ్లు కట్టుబట్టలతో వచ్చారు. పిల్లాజెల్లా అంతా కలిసి సంక్రాంతి దాకా ఇక్కడే ఉన్నారు. ఆ మూల కొక్కేలు కనిపిస్తున్నాయా? రెండు ఉయ్యాలలు వేలాడేవి. ఒక పిల్లాడు ఊరుకుంటే రెండోవాడు అందుకునేవాడు."

జాను పెన్సిలు కొరుక్కుంటూ నిలబడింది. ఉప్పెన వచ్చిన గదిని ప్లానులో ఏమనాలో దానికి తేలలేదు.

వంటింట్లో గోడలు ఇంకా నల్లగానే ఉన్నాయి. రోలు నేలలోకి దిగిపోయి ఉంది. నాయనమ్మ అందులో చెయ్యి పెట్టి ఎండుటాకులు తీసి పారేసింది. గోంగూర ఇందులోనే నూరేవాళ్లట. పొద్దున్నే వంటింట్లోకి వచ్చిన మనిషి మళ్లీ వెలుతురు చూసేది మధ్యాహ్నం ఎంగిళ్లు ఎత్తాకేనట. ఇదేదో గొప్పగా చెప్పలేదు, ఫిర్యాదుగానూ చెప్పలేదు. చెప్పి, పక్క గది తలుపు భుజంతో నెట్టింది.

చిన్న గది. కిటికీ ఒక్కటే, అదీ పైన.

"ఇది స్టోర్ రూమే కదా?"

"మాఘం నుంచి చైత్రం దాకా మిర్చి టిక్కీలు. అప్పట్లో ఇన్ని కోల్డ్ స్టోరేజీలు ఎక్కడివి? ధర పెరుగుతుందని మీ తాతయ్య ఇంట్లోనే దాచేవాడు. వానాకాలం ఖాళీగా ఉంటే మీ అత్త చదువుకునేది. ఎవరికైనా నెలలు నిండితే పురిటి గది. రెండూ ఒకేసారి వస్తాయని ఎవరనుకున్నారు?"

"అంటే?"

"మీ నాన్న తొందరపడ్డాడు. టిక్కీలు అటు పక్కకి తోసి ఇటు నాకు మంచం వేశారు. మంత్రసాని తుమ్ములతో కళ్లు తెరవలేకపోయింది. వాడు కూడా ఏడవకుండా తుమ్మాడు ముందు. మా అత్తగారు నవ్వగా చూసింది నేను ఆ ఒక్కసారే."

జాను పడీపడీ నవ్వింది. వెంటనే వీధిలోకి పరిగెత్తి శీను చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది.

"నాన్నా, నువ్వు మిరపకాయల్లో పుట్టావంట!"

"ఎవరు చెప్పారే? నా బర్త్ సర్టిఫికెట్‌లో ఆసుపత్రి పేరుంది."

"మీ నాన్న రాయించాడు. ఎవరో తెలిసినవాణ్ని పట్టుకుని. కొడుకు ఆసుపత్రిలో పుట్టాడంటే గొప్పగా ఉంటుందని."

"అమ్మా, ఆ సర్టిఫికెట్‌తో నేను పాస్‌పోర్టు తీసుకున్నాను."

"తీసుకుంటే తీసుకున్నావు. వాళ్లేమన్నా వచ్చి వాసన చూస్తారా?"

శీను ఏదో అనబోయి ఊరుకున్నాడు. ఫోన్ మళ్లీ మోగింది. పేరు చూసి కట్ చేశాడు. గడప దాటి, తల తగలకుండా వంగి, లోపలికొచ్చాడు. గది మధ్య నిలబడి నాలుగు వైపులా చూశాడు.

"ఏ పక్క?" అన్నాడు. "ఇక్కడా?"

"అక్కడ కాదురా, అక్కడ టిక్కీలు. ఇటు జరుగు."