పదో తరగతి సాంఘిక శాస్త్రం, యూనిట్ పరీక్ష: అధికరణం 19లో స్వేచ్ఛ ఎంత, పరిమితి ఎంత?

సమయం: 60 నిమిషాలు. మార్కులు: 30. అన్ని ప్రశ్నలకూ జవాబు రాయాలి.

విద్యార్థులకు: కింది పాఠ్యం కంఠతా రావాల్సిన పని లేదు, పరీక్షంతా ఎదురుగానే ఉంటుంది. సందర్భం ఇచ్చిన ప్రతి ప్రశ్నలోనూ నాలుగు సంగతులు వరుసగా చూడండి. దెబ్బ తగులుతున్న హక్కు ఏది? పరిమితి పెట్టింది చట్టమేనా, లేక ఒక అధికారి ఇష్టమా? చెప్పిన కారణం ఆ హక్కుకు రాజ్యాంగం ఒప్పుకున్న కారణాల్లో ఉందా? ఉంటే, ఆ కారణానికి ఇంత ఆంక్ష అవసరమా? "హక్కు ముఖ్యమే, క్రమశిక్షణ కూడా ముఖ్యమే" అని రాసి వదిలేస్తే మార్కులు రావు.

పాఠ్యం

19(1) ప్రకారం పౌరులకు ఉన్న స్వేచ్ఛలు: (ఎ) మాట్లాడటం, భావాలు వ్యక్తం చేయడం, (బి) ఆయుధాలు లేకుండా శాంతియుతంగా సమావేశం కావడం, (సి) సంఘాలు, యూనియన్లు, సహకార సంఘాలు పెట్టుకోవడం, (డి) దేశమంతా తిరగడం, (ఇ) దేశంలో ఎక్కడైనా నివసించడం, (జి) వృత్తి, వ్యాపారం చేసుకోవడం.

(ఎ)పై సహేతుకమైన పరిమితులకు 19(2) ఒప్పుకున్న కారణాలు: దేశ సార్వభౌమత్వం, సమగ్రత, రాజ్య భద్రత, విదేశాలతో స్నేహ సంబంధాలు, ప్రజాశాంతి, సభ్యత లేదా నైతికత, కోర్టు ధిక్కారం, పరువు నష్టం, నేరానికి పురికొల్పడం. (బి)కి 19(3): సార్వభౌమత్వం, సమగ్రత, ప్రజాశాంతి. (డి), (ఇ)లకు 19(5): సాధారణ ప్రజా ప్రయోజనం, షెడ్యూల్డు తెగల ప్రయోజనాల రక్షణ. (జి)కి 19(6): సాధారణ ప్రజా ప్రయోజనం.

భాగం ఎ (5 × 1 = 5)

1. పై జాబితాలో (ఇ) తర్వాత (జి) వచ్చింది. మధ్యలో ఉండాల్సిన (ఎఫ్) ఏ హక్కు? ఏ సవరణతో పోయింది?

2. హైదరాబాద్‌లో చదువుకుంటున్న విదేశీ విద్యార్థికి అధికరణం 19 వర్తిస్తుందా, 21 వర్తిస్తుందా?

3. మాట్లాడే స్వేచ్ఛను ఏ కారణం చూపి పరిమితం చేయడానికి వీల్లేదు? (ఎ) కోర్టు ధిక్కారం (బి) సాధారణ ప్రజా ప్రయోజనం (సి) పరువు నష్టం (డి) నేరానికి పురికొల్పడం

4. శాంతియుతంగా ఉండటంతో పాటు సమావేశానికి రాజ్యాంగం పెట్టిన మరో షరతు ఏమిటి?

5. అధికరణం 358 ఇప్పుడున్న రూపంలో, సాయుధ తిరుగుబాటు కారణంగా అత్యవసర పరిస్థితి ప్రకటిస్తే అధికరణం 19 ఆగిపోతుందా?

భాగం బి (6 + 6 + 4 + 3 = 19)

6. బస్సు సర్వీసులు తగ్గించారని ఒక మండల కేంద్రంలో కాలేజీ విద్యార్థులు ఊరేగింపుకు అనుమతి అడిగారు. చట్టం ఇచ్చిన అధికారంతో పోలీసులు మూడు షరతులతో అనుమతి ఇచ్చారు: (i) ఆసుపత్రి రోడ్డు వదిలి సమాంతరంగా ఉన్న బజారు రోడ్డులో వెళ్లాలి, (ii) రాత్రి 10 తర్వాత మైకు వాడకూడదు, (iii) ప్రభుత్వాన్ని విమర్శించే నినాదాలు ఇవ్వకూడదు. ఏ షరతు నిలుస్తుంది, ఏది నిలవదు? ఒక్కోదానికి కారణం రాయండి.

7. ఐటీ చట్టంలోని సెక్షన్ 66ఎ, కంప్యూటర్ లేదా ఫోన్ ద్వారా "తీవ్ర అభ్యంతరకరమైన" సందేశం పంపితే మూడేళ్ల వరకు జైలు అనేది. శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు 2015లో దాన్ని కొట్టేసింది. చర్చించడం, గట్టిగా వాదించడం, పురికొల్పడం వేర్వేరనీ, మూడోదానికి చేరినప్పుడే ఆంక్షకు తావనీ ఆ తీర్పు చెప్పింది. కింది మూడు పోస్టులను పాఠ్యంతో సరిచూడండి.
   - "ఇంటి పన్ను పెంపు పట్టపగలు దోపిడీ. ఈ పాలకవర్గానికి సిగ్గుందా?"
   - "రేపు పది గంటలకు మున్సిపల్ ఆఫీసు దగ్గరికి రండి, పెట్రోలు తెండి, తగలబెట్టేద్దాం."
   - "మా వార్డు కాంట్రాక్టరు సిమెంటు అమ్ముకున్నాడు." (పేరు, ఫోటో పెట్టాడు, ఆధారం ఏదీ లేదు.)

8. వ్యవసాయానికి కూలీలు దొరకాలని మధ్యప్రదేశ్‌లో ఒక పాత చట్టం కింద సాగు సీజన్‌లో కొన్ని గ్రామాల్లో బీడీల తయారీని పూర్తిగా నిషేధించారు. చింతామన్ రావు కేసులో సుప్రీంకోర్టు ఇది చెల్లదంది. (ఎ) పొలం పని చేయలేని ముసలివారికి, వికలాంగులకు ఈ నిషేధం వల్ల ఏం జరుగుతుంది? (బి) లక్ష్యం అదే ఉంచి, ఇంతకన్నా తక్కువ దెబ్బ తగిలే మార్గం ఒకటి సూచించండి.

9. అరకు ప్రాంతంలో గిరిజనేతరులు భూమి కొనడానికి 1/70 చట్టం అడ్డు. "కొనలేకపోతే నా తిరిగే స్వేచ్ఛ పోయినట్టే కదా" అంటాడు రాజమహేంద్రవరం నుంచి వెళ్లిన ఒక గిరిజనేతర వ్యాపారి. అతని వాదనలో పొరపాటు ఎక్కడుంది? 19(5)లోని ఏ మాట గిరిజనుల వైపు నిలుస్తుంది?

భాగం సి (6)

10. కేరళలో ముగ్గురు పిల్లలు బడిలో జాతీయ గీతం వేళ అందరితో పాటు గౌరవంగా నిలబడ్డారు, కానీ మత విశ్వాసం వల్ల పాడలేదు. విద్యాశాఖ సర్క్యులర్లు ఆధారంగా చూపి వారిని బడి నుంచి తీసేశారు. 1986లో బిజో ఇమ్మాన్యుయేల్ కేసులో సుప్రీంకోర్టు పిల్లలను తిరిగి చేర్చుకోమంది. మౌనం కూడా 19(1)(ఎ) కిందకు వస్తుందా? సర్క్యులర్‌కూ చట్టానికీ తేడా ఇక్కడ ఎందుకు కీలకమైంది? మీ అభిప్రాయం కోర్టుకు విరుద్ధంగా ఉన్నా రాయవచ్చు, కారణం మాత్రం పాఠ్యం నుంచే తేవాలి.

---

దిద్దే టీచర్లకు

భాగం ఎ: 1) ఆస్తి హక్కు, 44వ సవరణ, 1978. 2) 19 పౌరులకే, కాబట్టి 21. 3) బి. పిల్లలు ఎక్కువగా జారేది ఇక్కడే: వృత్తికి పనికొచ్చే కారణం మాటకు పనికిరాదు. 4) ఆయుధాలు లేకపోవడం. 5) ఆగదు, యుద్ధం, విదేశీ దురాక్రమణ ఉంటేనే.

6: మూడింటికీ రెండేసి మార్కులు, అందులో ఒకటి కారణానికి. మొదటిది నిలుస్తుంది: అంబులెన్సు దారి ఖాళీగా ఉంటుంది, ఊరేగింపూ ఆగదు. అసలు ఊరేగింపే వద్దంటే జవాబు మారేదని రాసిన పిల్లలను గుర్తించండి. రెండోదీ నిలుస్తుంది, లౌడ్‌స్పీకర్లకు రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల్లోనే ఆంక్ష ఉంది. మూడోది నిలవదు. సమయం, చోటు, పద్ధతిని సర్దడం వేరు, చెప్పే విషయాన్నే తీసేయడం వేరు. "పోలీసులు చెప్పారు కాబట్టి పాటించాలి" అన్న జవాబుకు సున్నా.

7: మొదటి పోస్టు మొరటు మాటే కానీ 19(2)లో దానికి గడి లేదు. "సభ్యత కింద ఆపవచ్చు" అని చాలామంది రాస్తారు. 19(2)లో సభ్యత, నైతికత అన్నవి అశ్లీలత వంటి విషయాలకు వాడే మాటలు, కటువు విమర్శకు కాదు. రెండోది నేరానికి పురికొల్పడం: సమయం, చోటు, పని మూడూ ఉన్నాయి. మూడోది పరువు నష్టం. ఆధారం ఉంటే సంగతి వేరని చేర్చినవారికి పూర్తి మార్కులు.

8: నిషేధం పొలానికి పనికిరాని మనిషి కూడునూ కొట్టింది, లక్ష్యానికీ ఉపయోగపడలేదు. (బి)కి బీడీ పని గంటలు కుదించడం, వ్యవసాయ కూలీలకే ఆంక్ష పరిమితం చేయడం లాంటివి ఏవైనా సరే. "కూలీ రేటు పెంచితే వాళ్లే వస్తారు" అన్న జవాబు వస్తే అదీ సరైనదే. ఆంక్షే అక్కర్లేదని తేల్చింది మరి.

9: 1/70 ఆపేది భూమి బదలాయింపును, ప్రయాణాన్ని కాదు. ఆస్తి ఇప్పుడు 19లో లేదు, 300ఎ కింద ఉంది. "షెడ్యూల్డు తెగల ప్రయోజనాల రక్షణ" అన్న మాట ఎత్తి రాస్తే ఒక మార్కు.

10: మాట్లాడే స్వేచ్ఛలో మౌనం ఉందనడానికి రెండు, 19(2) "చట్టం" అంటుంది కాబట్టి చట్టబలం లేని శాఖాపరమైన ఆదేశం చాలదనడానికి రెండు, సొంత తర్కానికి రెండు. కోర్టు అధికరణం 25ను కూడా చూసిందని ఎవరైనా రాస్తే తప్పనకండి. తీర్పును వ్యతిరేకించిన పిల్లవాడు 19(2)లోని ఒక కారణాన్ని పట్టుకుని, దానికి చట్టం ఎందుకు కావాలో ఒప్పుకుంటూ వాదిస్తే ఆరుకు ఆరు ఇవ్వండి.