రిఫండ్ ఆలస్యంపై విచారణ: అసెస్‌మెంట్ ఇయర్ 2025-26, అక్నాలెడ్జ్‌మెంట్ నంబరు 482913670110825

రాజమహేంద్రవరం,
12 మార్చి 2026

ఆదాయపు పన్ను శాఖ,
రిఫండ్లు చూసే అధికారి గారికి,

విషయం: రీఇష్యూ కోరి మూడు నెలలు దాటినా జమ కాని రిఫండ్ గురించి.

అయ్యా/అమ్మా,

నేను రిటైర్ అయిన టీచర్‌ని. ఈ ఫిర్యాదు ఈ-ఫైలింగ్ పోర్టల్‌లో నా లాగిన్ నుంచే పెడుతున్నాను కాబట్టి పాన్ వివరాలు మీ ముందే ఉంటాయి. పైన ఇచ్చిన నంబరు 2025 ఆగస్టు 11న నేను దాఖలు చేసిన ఐటీఆర్-1ది. అదే రోజు ఆధార్ ఓటీపీతో ఈ-వెరిఫై కూడా చేశాను.

నాకు పెన్షన్ కాక ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద వడ్డీ వస్తుంది. 2024-25లో ఆ వడ్డీ 1,86,400 రూపాయలు. దాని మీద బ్యాంకు 10 శాతం, అంటే 18,640 రూపాయలు టీడీఎస్ పట్టుకుంది. 15హెచ్ ఫారం సమయానికి ఇచ్చి ఉంటే ఇదంతా తప్పేది. అది నా మరుపే, దాని గురించి నేనేమీ అనడం లేదు. స్టాండర్డ్ డిడక్షన్ పోగా పెన్షన్, వడ్డీ కలిపి నా ఆదాయం 5,43,400. కొత్త విధానంలో 87ఎ రిబేటు వర్తించి పన్ను సున్నా అయింది. మీరు కూడా దీన్ని ఒప్పుకుంటూ సెప్టెంబర్ 24న 143(1) ఇంటిమేషన్ పంపారు. అందులో 244ఎ కింద వడ్డీ కలిపి నాకు రావలసింది 19,200 రూపాయలని ఉంది. కాబట్టి డబ్బు ఎంత అన్న విషయంలో మన మధ్య పేచీ లేదు. అది ఎక్కడ ఆగిందన్నదే నా ప్రశ్న.

మొదటిసారి ఆగింది నా ఖాతా వల్లే. దాచకుండా చెబుతాను. రిటర్న్ వేసే రోజు ఖాతా నంబరు ఎక్కించి వాలిడేషన్‌కి పంపాను. అది ఇంకా జరుగుతోందని చూపిస్తుండగానే రిటర్న్ వెళ్లిపోయింది. తర్వాత మళ్లీ తిరిగి చూడలేదు. అక్టోబర్ రెండో వారంలో రిఫండ్ విఫలమైందని కనిపించినప్పుడు ఆ పేజీ తెరిస్తే, పేరు సరిపోలలేదని ఉంది. పాన్‌లో NORI SARASWATHI. బ్యాంకులో N SARASWATI. ఇంటి పేరు పొట్టి అయిపోయింది, చివర్లో ఒక H ఎగిరిపోయింది. తెలుగులో ఎలా రాసినా సరస్వతే, ముప్పై ఏళ్లుగా ఆ ఖాతాలోనే జీతమూ పెన్షనూ పడ్డాయి.

పేరు మార్చమని బ్యాంకుకు వెళితే కౌంటర్‌లో అమ్మాయి పాస్‌బుక్ చూసి, "ఇన్నాళ్లూ నడిచింది కదమ్మా, ఇప్పుడేమొచ్చింది?" అంది. ఏమొచ్చిందో పాన్ కార్డు, ఆధార్ జిరాక్సులు పక్కపక్కన పెట్టి చూపించాను. దరఖాస్తు నింపి, సంతకం పెట్టి, వారం తర్వాత మరోసారి వెళితే గానీ సిస్టమ్‌లో పేరు మారలేదు. మారాక పోర్టల్‌లో మళ్లీ వాలిడేషన్‌కి పెట్టాను. నవంబర్ 26న ఖాతా పక్కన Validated అని వచ్చింది. రిఫండ్ కోసం నామినేట్ చేసిన ఖాతా కూడా అదే. చివరి నాలుగు అంకెలు 3072.

డిసెంబర్ 3న Services మెనూలో Refund Reissue కింద ఆ ఖాతానే ఎంచుకుని, ఈ-వెరిఫై చేసి రిక్వెస్ట్ పంపాను. అందిందని తెరమీద చూపించింది. ఆ తర్వాత ఇవాళ్టికి 99 రోజులు. అప్పటి నుంచి రిక్వెస్ట్ ఎదురుగా Submitted అన్న ఒక్క మాట తప్ప ఏ మార్పూ లేదు. మళ్లీ విఫలమైందని కూడా లేదు. విఫలమైందంటే కనీసం ఏది సరిచేయాలో తెలిసేది.

హెల్ప్‌లైన్‌కి రెండుసార్లు ఫోన్ చేశాను. రెండుసార్లూ మర్యాదగానే మాట్లాడారు, కొంతకాలం ఆగమన్నారు. ఎంతకాలమో అడిగితే చెప్పలేదు.

ఈలోపు నావైపు ఇంకేమైనా అడ్డం ఉందేమోనని నాకు తెలిసినంత మేర చూసుకున్నాను. పాన్, ఆధార్ లింకై ఉన్నాయి, పాన్ పనిచేస్తోందనే చూపిస్తోంది. బకాయి డిమాండ్ల పేజీలో నా పేరున ఏమీ లేదు, 245 కింద సర్దుబాటు నోటీసు కూడా ఏదీ రాలేదు. ఖాతా మూసేయలేదు, పోయిన నెల పెన్షన్ అందులోనే పడింది. ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ పాస్‌బుక్‌లో ఉన్నదీ పోర్టల్‌లో ఉన్నదీ ఒకటే. ఇవాళ పొద్దున కూడా తెరిచి చూశాను, Validated అనే ఉంది.

అందువల్ల ఈ సంగతులు తెలియజేయమని కోరుతున్నాను. డిసెంబర్ 3 నాటి రిక్వెస్ట్ ఇప్పుడు ఎవరి దగ్గర, ఏ దశలో ఉంది? చెల్లింపుకు పంపి ఉంటే ఏ తేదీన, ఏ ఖాతాకు పంపారు? ఇది ముఖ్యంగా ఎందుకు అడుగుతున్నానంటే, సరిచేయక ముందున్న పాత వివరాలతోనే మళ్లీ పంపి ఉంటారేమోనని నా అనుమానం. అలా జరిగి ఉంటే ఆ రిక్వెస్ట్ రద్దు చేసి, నన్ను కొత్తది పెట్టనివ్వండి. ఒకటి పెండింగ్‌లో ఉండగా నేను మరొకటి పెట్టి గందరగోళం చేయదలచుకోలేదు.

వడ్డీ మాట కూడా. ఇంటిమేషన్‌లో సెప్టెంబర్ వరకే లెక్క కట్టారు. నూరు లోపు చిల్లర వదిలేసి 18,600 మీద నెలకు అర శాతం, అంటే 93 రూపాయలు. అక్టోబర్, నవంబర్ నెలల ఆలస్యం నా పేరు తప్పు వల్ల జరిగింది, ఆ రెండు నెలలు నేను అడగను. డిసెంబర్ నుంచి చెల్లించే నెల దాకా 244ఎ కింద వడ్డీ ఇస్తారా, ఇవ్వకపోతే ఏ కారణం చేత అన్నది రాతపూర్వకంగా చెప్పండి. మొత్తం చిన్నదే, కానీ వడ్డీ వస్తే వచ్చే రిటర్న్‌లో దాన్ని ఆదాయంగా చూపించాల్సింది నేనే కాబట్టి ఎంతో ఖచ్చితంగా తెలియాలి.

ఇంకొక చిన్న విన్నపం. జనవరిలో నా ఫోన్‌కి "మీ రిఫండ్ మంజూరైంది, ఖాతా నంబరు సరిచూసుకోండి" అంటూ ఒక లింకుతో మెసేజ్ వచ్చింది. అందులో ఉన్న ఖాతా నంబరు నాది కాదు, లింకు నొక్కలేదు. నిజంగా డబ్బు కోసం చూస్తున్నవాళ్లకి అలాంటి మెసేజ్ చూడగానే ఎంత టెన్షన్ వస్తుందో వేరే చెప్పక్కర్లేదు. నా నుంచి ఏ వివరం కావాలన్నా దయచేసి ఈ పోర్టల్‌లోనే అడగండి, రెండు రోజుల్లో జవాబిస్తాను.

జత చేసినవి: ఐటీఆర్ అక్నాలెడ్జ్‌మెంట్, 143(1) ఇంటిమేషన్, పేరు మారాక ఇచ్చిన పాస్‌బుక్ మొదటి పేజీ, ఖాతా Validated అని కనిపిస్తున్న ఈరోజు స్క్రీన్‌షాట్, డిసెంబర్ 3 నాటి రీఇష్యూ రిక్వెస్ట్ స్క్రీన్‌షాట్.

ఇట్లు,
నోరి సరస్వతి