డయాలసిస్ నిమిత్తం శనివారం మధ్యాహ్నం పూట సెలవు, టైంటేబుల్ మార్పు కోరుతూ విన్నపం

మందస మండలం, శ్రీకాకుళం జిల్లా
16 జూన్ 2025, సోమవారం

ప్రధానోపాధ్యాయులు గారికి,
జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల.

విషయం: 2025 జులై 1 నుంచి డిసెంబరు 31 వరకు ప్రతి పనిదిన శనివారం మధ్యాహ్నం హాఫ్ డే సీఎల్, మంగళ, గురువారాల్లో సాయంత్రం 4 గంటల తర్వాతి డ్యూటీల నుంచి మినహాయింపు, గణితం పీరియడ్ల సర్దుబాటు కోరుతూ.

ఆర్యా,

నాకు వారానికి మూడుసార్లు, ఒక్కోసారి 4 గంటల చొప్పున హీమోడయాలసిస్ అవసరమని నెఫ్రాలజిస్టు రాసిచ్చిన సర్టిఫికెట్టు జతచేశాను. నా రోజులు మంగళ, గురు, శనివారాలు. ఇది పది రోజులు సెలవు పెట్టి నయం చేసుకుని వచ్చే జబ్బు కాదు. కాబట్టి దీర్ఘ సెలవు అడగడం లేదు. బడికి వస్తూనే చికిత్స సాగేలా వారాన్ని సర్దమని అడుగుతున్నాను.

ఇప్పటిదాకా పలాస డయాలసిస్ కేంద్రంలో ఉదయం 7 నుంచి 11 గంటల షిఫ్టు నాది. వేసవి సెలవుల్లో ఇబ్బంది లేకపోయింది. బడి తెరిచిన 12వ తేదీ గురువారం డయాలసిస్ ముగించుకుని మధ్యాహ్నం పాఠానికి వచ్చాను. మిషన్ మీద నుంచి దిగాక బీపీ తగ్గుతుంది, మూడు నాలుగు గంటలు నీరసం వదలదు. ఆ స్థితిలో బోర్డు దగ్గర నిలబడి చెప్పే లెక్కలో పొరపాట్లు దొర్లుతాయి. పైగా ఉదయం షిఫ్టుకు ప్రతిసారీ ఒక పూట సీఎల్ పోతుంది. సెలవు దినాలు తీసేసినా జులై నుంచి డిసెంబరుకు అది 60 పూటలు దాటుతుంది, అంటే 30 రోజులకు పైనే. అన్ని సెలవులు నాకు లేవు.

అందుకే షిఫ్టు మార్చమని కేంద్రాన్ని అడిగాను. జులై 1 నుంచి మంగళ, గురువారాల్లో సాయంత్రం 5 గంటల షిఫ్టు ఇస్తామన్నారు. శనివారం అక్కడ సాయంత్రం షిఫ్టు నడవదు, ఆ రోజుకు మధ్యాహ్నం 1:15 ఇచ్చారు. కేంద్రం ఇచ్చిన కాగితం జతచేశాను. బడి దగ్గర్నుంచి పలాసకు బస్సులో 40 నుంచి 45 నిమిషాలు. మంగళ, గురువారాల్లో 4 గంటల బెల్లు కొట్టగానే బయల్దేరితే 4:50కి చేరతాను. బరువు, బీపీ చూసి సూదులు పెట్టేసరికి 5:15 అవుతుంది. శనివారం నాలుగో పీరియడు అయ్యాక 12:25కి బయల్దేరితే చాలు.

సెలవుల లెక్క ఇది. ఈ సంవత్సరం సీఎల్ 15. ఏప్రిల్ లోపు వాడింది అర రోజు. ఉదయం షిఫ్టు జూన్ 28 దాకా ఉంది కాబట్టి ఈ నెల 12, 17, 19, 21, 24, 26, 28 తేదీల్లో 7 పూటలు, అంటే మూడున్నర రోజులు (14వ తేదీ రెండో శనివారం కనుక లెక్కలోకి రాదు). మొత్తం 4 పోగా మిగిలేవి 11. స్పెషల్ సీఎల్ 7 ముట్టుకోలేదు.

జులై నుంచి డిసెంబరు వరకు శనివారాలు 26. వాటిలో రెండో శనివారాలు 6. ఆగస్టు 16 కృష్ణాష్టమి. సెప్టెంబరు 27 దసరా సెలవుల్లో ఉంది. మిగిలినవి 18 పనిదినాలు, అంటే 18 పూటలు, 9 సీఎల్. అవి పోగా 2 సీఎల్, 7 స్పెషల్ సీఎల్ అత్యవసరానికి చేతిలో ఉంటాయి. ఆ నిల్వ మీదే ఈ ఏర్పాటు నిలబడుతుంది కాబట్టి వాటిని సొంత పనులకు వాడను.

ఇక పీరియడ్లు. పదో తరగతి ఎ, బి సెక్షన్లకు 8 చొప్పున, తొమ్మిదికి 8, మొత్తం 24. వీటిలో ఒక్కటీ తగ్గించమని అడగడం లేదు. ప్రస్తుత టైంటేబుల్‌లో నాకు శనివారం మధ్యాహ్నం రెండు పీరియడ్లు ఉన్నాయి: ఐదోది పది బి, ఆరోది తొమ్మిది. పది బి పీరియడును గురువారం ఐదో పీరియడుకు, తొమ్మిది పీరియడును శుక్రవారం ఆరో పీరియడుకు మార్చాలి. ఆ రెండు చోట్ల ఇప్పుడున్న సోషల్, భౌతిక శాస్త్రం ఉపాధ్యాయులు తమ పీరియడ్లను శనివారం మధ్యాహ్నానికి మార్చుకోవడానికి ఒప్పుకుని సంతకాలు చేశారు. అప్పుడు శనివారం నేను వెళ్లాక ఏ తరగతీ ఖాళీగా కూర్చోదు, ఎవరికీ అదనపు పీరియడు పడదు.

మార్పు తర్వాత నా వారం ఇలా ఉంటుంది.

సోమవారం: 5 పీరియడ్లు. పది ఎ 2, పది బి 2, తొమ్మిది 1. సాయంత్రం 4 నుంచి 5 వరకు పదో తరగతి ప్రత్యేక తరగతి నేనే తీసుకుంటాను.

మంగళవారం: 3 పీరియడ్లు, ఒక్కో తరగతికి ఒకటి, మూడూ భోజన విరామానికి ముందే. 4 గంటలకు బయల్దేరతాను.

బుధవారం: 4 పీరియడ్లు. పది ఎ 1, పది బి 1, తొమ్మిది 2. మొదటి పీరియడు ఖాళీ. సాయంత్రం ప్రత్యేక తరగతి నాది.

గురువారం: 5 పీరియడ్లు. పది ఎ 2, పది బి 2, తొమ్మిది 1. 4 గంటలకు బయల్దేరతాను.

శుక్రవారం: 4 పీరియడ్లు. పది ఎ 1, పది బి 1, తొమ్మిది 2. మొదటి పీరియడు ఖాళీ. సాయంత్రం ప్రత్యేక తరగతి నాది.

శనివారం: మొదటి మూడు పీరియడ్లు, ఒక్కో తరగతికి ఒకటి. నాలుగోది నోటు పుస్తకాలు దిద్దడానికి. 12:25 నుంచి సెలవు.

మంగళవారం తేలిగ్గా ఎందుకు ఉంచమంటున్నానో చెప్పాలి. శనివారం సాయంత్రం నుంచి మంగళవారం సాయంత్రం దాకా మూడు రోజుల ఎడం. మిగతా రెండు సార్లూ మధ్యలో రెండేసి రోజులే. ఆ పొడవైన ఎడంలో ఒంట్లో నీరు ఎక్కువ చేరుతుంది, మంగళవారం మధ్యాహ్నానికి మెట్లెక్కితే ఆయాసం వస్తుంది. పది బి గది మొదటి అంతస్తులో ఉంది. వీలైతే మంగళవారం ఒక్క రోజు ఆ పీరియడు కింది గదిలో పెట్టించండి. బుధ, శుక్రవారాల్లో మొదటి పీరియడు ఖాళీ అడిగింది ఆలస్యంగా రావడానికి కాదు. ముందు రాత్రి ఇంటికి చేరేసరికి పదిన్నర అవుతుంది. 9 గంటలకు ముఖ హాజరు వేసి, ఆ 40 నిమిషాలు స్టాఫ్ రూమ్‌లో కూర్చుని పాఠం మొదలుపెడతాను.

మంగళ, గురువారాల్లో పదో తరగతి ప్రత్యేక తరగతి రెండో గణితం ఉపాధ్యాయులు తీసుకుంటారు, వారి సోమ, బుధవారాలు నేను తీసుకుంటాను. అసెస్‌మెంట్ పరీక్షల్లో శనివారం మధ్యాహ్నం ఇన్విజిలేషన్ వేయకుండా, బదులుగా సోమ, శుక్రవారాల్లో రెండు పూటలా వేయండి. క్లస్టర్ సమావేశం శనివారం మధ్యాహ్నం పడితే నేను హాజరు కాలేను. ఆ సంగతి ముందుగానే మీ ద్వారా తెలియజేయమని మనవి.

తప్పేవి కొన్ని ఉంటాయి. కేంద్రంలో నీటి శుద్ధి యంత్రం ఆగినా, మిషన్ పాడైనా షిఫ్టును మర్నాటికి నెడతారు. అలా జరిగితే కబురు అందగానే మీకు ఫోన్ చేస్తాను. కొత్త షిఫ్టు బడి వేళల్లో పడితేనే ఆ పూటకు సీఎల్ పెడతాను. శనివారం షిఫ్టు ఆదివారానికి మారితే ఆ శనివారం సీఎల్ రద్దు చేసుకుని సాయంత్రం దాకా బడిలోనే ఉంటాను. జ్వరం, డయాలసిస్ సూదులు పెట్టే ఫిస్టులా ఉన్న చేయి వాపు, బీపీ పడిపోవడం లాంటివి వస్తే ఉదయం 7:45 లోపు మీకు, రెండో గణితం ఉపాధ్యాయులకు సందేశం పెడతాను. అలాంటి రోజుల కోసం ఒక్కో తరగతికి 10 చొప్పున అభ్యాస పత్రాలు, జవాబులతో సహా, స్టాఫ్ రూమ్ బీరువా పై అరలో ఉంచుతాను. సర్దుబాటుకు వెళ్లే వారు ఏ సబ్జెక్టు వారైనా వాటితో పీరియడు నడపవచ్చు.

ఆసుపత్రిలో చేరాల్సి వస్తే, ఫిస్టులాకు మళ్లీ ఆపరేషన్ అవసరమైతే అది ఈ విన్నపంలోకి రాదు. దానికి ఫారం-ఎ సర్టిఫికెట్టుతో కమ్యూటెడ్ లీవ్ వేరుగా పెడతాను, తిరిగి చేరేటప్పుడు ఫారం-బి ఇస్తాను. నా ఖాతాలో హాఫ్ పే లీవు 168 రోజులు ఉంది. ఒక రోజు కమ్యూటెడ్ లీవుకు రెండు రోజులు పోతాయి కాబట్టి 84 రోజులకు సరిపోతుంది. వారం వారం చికిత్సకు దాన్ని వాడితే నిజంగా పడకన పడ్డ నాటికి ఏమీ మిగలదు. సీఎల్‌ను కమ్యూటెడ్ లీవుతో కలపకూడదు కనుక, శనివారం పూట సెలవు తర్వాత సోమవారం కూడా రాలేకపోతే ఆ సోమవారం సీఎల్ గానే పెడతాను. రిజిస్టరులో కూడా అలాగే రాయించండి. ఆడిట్‌లో ఇలాంటి చోటే అభ్యంతరం వస్తుంది.

ప్రతి శనివారానికీ విడిగా దరఖాస్తు రాయడం కన్నా, నెల చివరి పనిదినాన వచ్చే నెల శనివారాల తేదీలన్నీ ఒకే కాగితం మీద ఇస్తాను. మీరు ఆమోదించగానే యాప్‌లో హాఫ్ డే సీఎల్ నమోదు చేస్తాను. జులైకి ఆ తేదీలు 5, 19, 26. మంగళ, గురువారాల్లో 4 గంటలకు హాజరు నిష్క్రమణ వేసే వెళ్తాను. 4 గంటల లోపు బయల్దేరే అనుమతి నాకు అక్కర్లేదు.

రెండు చిన్న మనవులు. సర్టిఫికెట్టును సెలవు ఫైలులో కాకుండా మీ దగ్గర విడిగా ఉంచండి. సహోపాధ్యాయులకు, పిల్లలకు నేను చెప్పుకున్నంత మేరకు తెలిస్తే చాలు. రెండోది, ఫిస్టులా ఎడమ చేతికి ఉంది, ఆ చేత్తో బరువులు ఎత్తకూడదు. పాఠ్యపుస్తకాల కట్టలు మోసే పని నాకు పడకుండా చూడండి. రాసేది కుడి చేత్తో కనుక బోర్డు పనికి అడ్డు లేదు.

డిసెంబరు మొదటి వారంలో ఈ ఏర్పాటు ఎలా నడిచిందో మీతో కలిసి చూసుకుని, జనవరి నుంచి పదో తరగతి పరీక్షల దాకా కొత్త సీఎల్ ఖాతా ప్రకారం మళ్లీ దరఖాస్తు ఇస్తాను.

కేంద్రం వారు షిఫ్టు ఖాయం చేయమన్నది ఈ నెల 28వ తేదీ శనివారానికి. ఆ లోపు చెప్పకపోతే ఆ షిఫ్టు వరసలో ఉన్న తర్వాతి వారికి వెళ్తుంది. కాబట్టి 27వ తేదీ శుక్రవారం లోపు మీ నిర్ణయం రాతపూర్వకంగా ఇప్పించమని కోరుతున్నాను. శనివారం పూట సెలవుకు అభ్యంతరం లేకపోయినా పీరియడ్ల మార్పులో ఏదైనా కుదరకపోతే ఆ ఒక్కటీ చెప్పండి, మరో జతతో సర్దుకుని రెండు రోజుల్లో మీ ముందు పెడతాను.

ఇట్లు,
మీ విధేయురాలు,
స్కూల్ అసిస్టెంట్, గణితం

జతచేసినవి: 1. నెఫ్రాలజిస్టు సర్టిఫికెట్టు. 2. డయాలసిస్ కేంద్రం ఇచ్చిన షిఫ్టు కేటాయింపు కాగితం. 3. సోషల్, భౌతిక శాస్త్రం, గణితం ఉపాధ్యాయుల సంతకాలతో పీరియడ్ల మార్పు సమ్మతి పత్రం. 4. జులై నెల హాఫ్ డే సీఎల్ దరఖాస్తు.